35 ఏళ్ల వయసులో వృత్తి మారాలంటే: రాజీనామాకు ముందు వేసుకోవాల్సిన లెక్క

నాకు 35 ఏళ్లు వచ్చేసరికి ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పన్నెండేళ్లు పూర్తయ్యాయి. డేటా విశ్లేషణలోకి మారాలన్న ఆలోచన అప్పటికే రెండేళ్లుగా లోపల తిరుగుతోంది. ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఇంకో నాలుగు నెలలు ఆగితే ఉద్యోగం మానేయొచ్చని తేలింది. అదే లెక్కను మా ఆయనతో కలిసి మళ్లీ వేసినప్పుడు ఆ నాలుగు నెలలు పదహారయ్యాయి. ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎక్కడొచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం. ఉద్యోగం మారాక ఇల్లు ఇబ్బందుల్లో పడిన వాళ్లలో చాలామంది వేసింది నా మొదటి లెక్కే అని నా నమ్మకం.

అంకెలు ఎవరి ఇంటికైనా సరిపోవాలి కాబట్టి, మా ఇద్దరి జీతాలూ కలిపి నెలకు చేతికొచ్చేది 100 అనుకుందాం. అందులో నాది 60, ఆయనది 40. ఖర్చు 80, మిగిలేది 20. ఆ 80లో ఇంటి అప్పు వాయిదా ఒక్కటే 25. అవసరమైతే వెంటనే తీసుకోగలిగే పొదుపు 250 ఉంది, అంటే రెండున్నర నెలల ఆదాయం. మాకు ఎనిమిదేళ్ల పాప.

నా మొదటి లెక్క ఇది. ఉద్యోగం మానేసి నాలుగు నెలలు పూర్తికాలం కోర్సు చేస్తాను, తర్వాత మూడు నెలల్లో ఉద్యోగం దొరుకుతుంది. ఆ ఏడు నెలలు ఖర్చును 80 నుంచి 68కి తగ్గించుకుంటాం. ఆయన జీతం 40 పోగా నెలకు 28 లోటు, ఏడు నెలలకు 196. కోర్సు ఫీజు 120 కలిపితే 316. చేతిలో 250 ఉంది, నెలకు 20 మిగులుతుంది, కాబట్టి నాలుగు నెలలు చాలు. కాగితం మీద చాలా శుభ్రంగా కనిపించింది. కూడికల్లో తప్పేమీ లేదు. తప్పంతా నేను వేసుకున్న అంచనాల్లోనే ఉంది.

మొదటి పొరపాటు ఆ 68. దాన్ని నేను ఊహించి రాశాను, బతికి చూడలేదు. మా ఆయన ఒక మాట అన్నారు: "జీతం పోయాక 68తో బతకగలం అంటున్నావు కదా, జీతం ఉండగానే బతికి చూద్దాం." జీతాలు పడిన రోజే 32 తీసి వేరే ఖాతాలో వేసి, దాని సంగతి మరిచిపోవాలని నియమం పెట్టుకున్నాం. మొదటి నెల బాగానే గడిచింది. రెండో నెలలో ఒక బీమా ప్రీమియం, బండి రిపేరు ఒకేసారి వచ్చాయి. పక్కన పెట్టిన డబ్బులోంచి తీయక తప్పలేదు.

ఆ రాత్రి పాప పడుకున్నాక, పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు టేబుల్ మీద పరిచాం. ఆయన చేతిలో ఎర్ర పెన్ను, నా ముందు గీతల నోట్‌బుక్. ప్రతి నెలా రాని ఖర్చు కనిపించినప్పుడల్లా ఆయన దాని చుట్టూ గీత గీస్తున్నారు. ఒక చోట ఆగి, "ఇది రాయలేదేం?" అన్నారు. "అది ఈ ఒక్కసారికే కదా" అన్నాను. ఆయన ఏమీ అనకుండా పాత స్టేట్‌మెంటు తిప్పి, అంతకుముందు ఏడాది దాదాపు అదే తేదీన అలాంటి ఖర్చే ఉన్న లైను చూపించారు. బీమా ప్రీమియంలు, బడి తెరిచేటప్పుడు కట్టేవి, బండి సర్వీసు, బంధువుల ఇళ్లలో శుభకార్యాలు, పాడైన వాషింగ్ మెషిన్, పంటి వైద్యం... అలా గీత గీసినవన్నీ కూడితే ఏడాదికి 72. నెలకు 6. అంటే పొదుపుగా బతికినా మాకయ్యే ఖర్చు 68 కాదు, 74.

ఆరంటే చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ ఖర్చులో వచ్చే తప్పు రెండు వైపులా కోస్తుంది. జీతం ఉన్న నెలల్లో మిగులు తగ్గుతుంది, జీతం లేని నెలల్లో లోటు పెరుగుతుంది. మాకు నెలకు 32 మిగలాల్సింది 26కి పడిపోయింది. దీనికి తోడు, నా కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా నేను బయటికి వచ్చిన రోజుతో ఆగిపోతుంది, సొంతంగా తీసుకుంటే నెలకు 3 అవుతుంది. కాబట్టి జీతం లేని నెలల ఖర్చు 77, లోటు 37. నేను మొదట రాసుకున్న 28 ఎక్కడ, ఇది ఎక్కడ!

బీమా గురించి ఇక్కడే ఒక మాట. సొంత పాలసీ రాజీనామాకు ముందే తీసుకోవాలి. చాలా పాలసీల్లో అప్పటికే ఉన్న జబ్బులకు కొంతకాలం వర్తింపు ఉండదు. ఆ గడువులో ఎంతో కొంత భాగం ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతే మంచిది. అప్పు వాయిదా తగ్గించుకోవడానికి గడువు పెంచమని బ్యాంకును అడగాలన్నా అంతే. జీతం స్లిప్పు చేతిలో ఉన్నప్పుడు అడిగితే ఒక జవాబు వస్తుంది, లేనప్పుడు ఇంకో జవాబు వస్తుంది.

రెండో పొరపాటు, ఉద్యోగం వెతకడానికి మూడు నెలలు అనుకోవడం. మన సొంత పనికి ఎంతకాలం పడుతుందన్న అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీన్ని వివరించారు. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ డిగ్రీ చివరి పరిశోధన పత్రం రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. పరిస్థితులు ఎంత చెడ్డగా ఉన్నా 49 రోజులన్నారు. నిజంగా పట్టింది సగటున 55 రోజులకు పైనే. గడ్డుకాలం అంచనా కూడా సరిపోలేదన్నది ఇందులో నన్ను ఆపిన విషయం. "మూడు అనుకుంటున్నా, కష్టమైతే నాలుగు" అని మనం ఇచ్చుకునే వెసులుబాటు కూడా ఆశలోంచి పుట్టిందే.

దీనికి మందు ఒకటే. మన ఊహను పక్కన పెట్టి, ఇదే మార్పు చేసిన వాళ్లకు నిజంగా ఎంత పట్టిందో అడగాలి. గత రెండేళ్లలో వేరే వృత్తి నుంచి డేటా పనిలోకి వచ్చిన ఐదుగురిని వెతికి పట్టుకున్నాను. రెండే ప్రశ్నలు అడిగాను: మొదటి దరఖాస్తు నుంచి ఆఫర్ దాకా ఎన్ని నెలలు, మొదటి జీతం పాత జీతంలో ఎన్నో వంతు. నెలలు మూడు నుంచి ఏడు దాకా ఉన్నాయి, మధ్యలో నిలిచింది ఐదు. జీతం విషయంలో ఐదుగురిలో కింది నుంచి రెండో వారిని ప్రమాణంగా తీసుకున్నాను. పాత జీతంలో 60 శాతం, అంటే నాకు 36. కోర్సు అమ్మే వాళ్లు చెప్పే సగటు జీతాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ సగటులో ఉద్యోగం దొరకని వాళ్లు ఉంటారో లేదో మనకు తెలియదు కదా.

ఇప్పుడు లెక్క మారింది. కోర్సుకు నాలుగు, వెతుకులాటకు ఐదు, మొత్తం తొమ్మిది నెలలు. నెలకు 37 చొప్పున 333, ఫీజుతో కలిపి 453. మూడు నెలల ఖర్చు 231 అత్యవసర నిధిగా ముట్టుకోకుండా ఉంచాలి. ఎందుకంటే నేను ఉద్యోగం మారుతున్నానని జబ్బు మా ఇంట్లోకి రాకుండా ఆగదు. అంతా కలిపి 684. నా మొదటి అంకె 316కి ఇది రెట్టింపు కంటే ఎక్కువ.

అత్యవసర నిధి, ఫీజుకీ లోటుకీ దాచే మార్పు నిధి వేర్వేరు ఖాతాల్లో ఉండాలని గట్టిగా చెప్తాను. ఒకే ఖాతాలో ఉంటే, వెతుకులాట సాగే కొద్దీ "ఇంకో నెల చూద్దాం" అంటూ ఆసుపత్రికని దాచిన డబ్బు తినేస్తాం, తిన్నట్టు కూడా తెలియదు. రిటైర్మెంటు కోసం దాచింది అసలు ఈ లెక్కలోకే రాకూడదు. 35లో తీసిన డబ్బు ఏటా 8 శాతం పెరిగి ఉంటే 25 ఏళ్లకు దాదాపు 6.8 రెట్లు అయ్యేది. అక్కడ చేయి పెడితే ఈ ఏడాది లోటును అరవయ్యో ఏటికి వాయిదా వేసినట్టే.

మూడో పొరపాటు అన్నిటికంటే లోతైనది, అది కనిపెట్టింది మా ఆయనే. "డబ్బు అయిపోయే రోజుకి ఉద్యోగం దొరక్కపోతే ఏం చేస్తావు?" అని అడిగారు. మళ్లీ అకౌంట్స్‌లోనే చేరతానన్నాను. "అది మాత్రం ఆ రోజే దొరుకుతుందా?"

దొరకదు. నా అనుభవం ఉన్నవాళ్లకి పాత రంగంలో కొత్త ఉద్యోగం దొరకడానికి మూడు నెలల దాకా పడుతోంది. అంటే వెనక్కి వెళ్లాలన్న నిర్ణయం డబ్బు సున్నాకి వచ్చినప్పుడు కాకుండా, ఇంకా మూడు నెలల లోటు మిగిలి ఉండగానే తీసుకోవాలి. నెలకు 37 చొప్పున 111. మార్పు నిధి ఆ అంకెను తాకిన రోజున పాత రంగంలో కూడా దరఖాస్తులు మొదలుపెట్టాలి. దీనికి మేం "వెనుదిరిగే గీత" అని పేరు పెట్టుకున్నాం. ఈ గీత గీశాక ఒక చేదు నిజం బయటపడింది. వెతుకులాటకని నేను దాచాలనుకున్న ఐదు నెలల డబ్బులో చివరి మూడు నెలలు వెనుదిరగడానికే పోతాయి. నిశ్చింతగా వెతకడానికి దక్కేది రెండే నెలలు. ఐదు నెలలు నిజంగా కావాలంటే ఎనిమిది నెలల లోటుకు సరిపడా ఉండాలి.

ఈ గీతను ప్రశాంతంగా ఉన్నప్పుడే, ఇద్దరూ కూర్చుని అంకెగా రాసుకోవాలి. ఆరు ఇంటర్వ్యూలు పోయాక ఏడోది బాగా జరిగిందనిపించే వారంలో ఎవరికీ ఆగాలని ఉండదు. అప్పుడు ఆగమని చెప్పాల్సిన భారం భార్య మీదో భర్త మీదో పడితే, ఇంట్లో చాలాకాలం మాసిపోని మాటలు దొర్లుతాయి. ముందే రాసుకున్న అంకె ఉంటే ఎవరూ ఎవరికీ అడ్డుపడినట్టు ఉండదు.

ఇంత డబ్బు కావాలంటే దారి మార్చక తప్పలేదు. లోటును పెంచేది జీతం లేని నెలల సంఖ్య. దాన్ని తగ్గించడమే అన్నిటికన్నా పెద్ద పొదుపు. నాలుగు నెలల పూర్తికాలం కోర్సునే సాయంత్రాలు చదివితే పది నెలలు పడుతుంది, కానీ నాలుగు నెలల లోటు 148 మిగులుతుంది. పైగా ఆ పది నెలలూ జీతం వస్తూ, నెలకు 26 పోగవుతూ ఉంటుంది. ఫీజు 120, ఎనిమిది నెలల లోటు 296, అత్యవసర నిధి 231, మొత్తం 647. చేతిలో ఉన్న 250కి పదహారు నెలల మిగులు కలిపితే 666. అలా మా ఒప్పందం కుదిరింది: పది నెలలు ఉద్యోగం చేస్తూనే చదువు, ఎనిమిదో నెల నుంచే దరఖాస్తులు, పదహారో నెల నిండేదాకా చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా లేదు.

అయితే ఆ 148 ఊరికే మిగల్లేదు. దాన్ని గంటల్లో చెల్లించాం, ఆ గంటల్లో ఎక్కువ భాగం చెల్లించింది మా ఆయన. చదువుకు వారానికి పది గంటలు కావాలి. నాలుగు సాయంత్రాలు గంటన్నర చొప్పున ఆరు, ఆదివారం పొద్దున నాలుగు. ఆ సమయంలో పాప హోంవర్క్, పడుకోబెట్టడం, మర్నాటి ఏర్పాట్లు ఆయన చేతికి వెళ్లాయి. డబ్బు లెక్క రాసినట్టే ఈ గంటల లెక్క కూడా కాగితం మీద రాయాలి. "నేను చూసుకుంటాలే" అన్న మాట మీద నడిపితే మూడో నెలకి తెగుతుంది. మా ఇంట్లో సరిగ్గా మూడో నెలలోనే ఆయన ఆఫీసులో పని పెరిగింది. నేను తలుపు వేసుకుని చదువుకుంటుంటే అవతల గిన్నెల చప్పుడు పెద్దగా వినిపించడం మొదలైంది. ఎవరూ గొడవ పడలేదు, కానీ ఇద్దరికీ టెన్షన్. అప్పుడు చదువు సాయంత్రాలను మూడుకి తగ్గించి, ఒక సాయంత్రం పూర్తిగా ఆయనదే అని రాసుకున్నాం. ఆరు వారాలకొకసారి పుస్తకం ముట్టని వారం పెట్టుకున్నాం. కోర్సు పూర్తవడం పదకొండో నెలకి వెళ్లింది, పదహారు నెలల గడువులో దానికి చోటు ఉంది.

పాప ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఇవాళ చదువు రోజా, మన రోజా?" అని అడిగింది. పిల్లలకు ఎందుకు మారుతున్నామో అంతగా అక్కర్లేదు. అమ్మ ఎప్పుడు తమతో ఉంటుందో ముందుగా తెలిస్తే చాలు. క్యాలెండర్‌లో చదువు రోజుల మీద నీలం చుక్క పెట్టే పని తనకే ఇచ్చాం. ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.

జీవిత భాగస్వామిని అడగాల్సిన ఇంకో విషయం ఉంది, ఇది సాధారణంగా ఎవరూ అడగరు. మనం జీతం లేకుండా ఉన్న నెలల్లో రెండో జీతమే ఇంటికి ఏకైక ఆధారం. అంటే ఆ కాలంలో వాళ్లు ఉద్యోగం మారలేరు, మానలేరు, పై అధికారి ఎంత విసిగించినా ఓర్చుకోవాలి. ఇది అవతలివాళ్లు మోసే నిజమైన ఖర్చు. నేను మా ఆయన్ని నేరుగా అడిగాను: "నీ పని ఈ ఏడాదిన్నర ఇలాగే ఉన్నా భరించగలవా?" ఆయన రెండు రోజులు ఆలోచించి చెప్పారు. వెంటనే సరే అని ఉంటే నేను అంతగా నమ్మేదాన్ని కాదేమో. ఆ నెలే ఆయన పేరు మీద జీవిత బీమా మొత్తం కూడా పెంచాం, ఇల్లంతా ఆ ఒక్క జీతం మీదే నిలబడబోతోంది కాబట్టి.

ఫీజు కట్టే ముందు చేసిన ఒక పని చివరికి అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది. ఈ పని నాకు నిజంగా నచ్చుతుందా అని చూసుకోవడానికి, మా మేనేజర్ అనుమతితో మా సొంత విభాగంలోని బకాయిల జాబితానే తీసుకున్నాను. ఏ తరహా కస్టమర్లు ఎన్ని రోజులు ఆలస్యం చేస్తున్నారు, ఏ నెలలో ఎక్కువవుతోంది అని రెండు నెలల పాటు ఖాళీ దొరికినప్పుడల్లా విడదీశాను. అందులో సగం పని డేటాను శుభ్రం చేయడమే. ఒకే కస్టమర్ పేరు నాలుగు రకాలుగా రాసి ఉంటే వాటిని కలపడం లాంటివి. అంత విసుగున్న పని చేస్తూ కూడా నాకు టైం తెలియలేదు. అప్పుడే ఫీజు కట్టాను. ఈ పరీక్షలో చేతులెత్తేసే వాళ్లు కూడా ఉంటారు, వాళ్లకు ఫీజూ ఏడాదీ రెండూ మిగిలినట్టే.

పదమూడో నెలలో నాకు ఉద్యోగం ఇచ్చిన కంపెనీ కోర్సు సర్టిఫికెట్ గురించి పెద్దగా అడగలేదు. బకాయిల గురించి గంటసేపు అడిగారు. వాళ్లకి డేటా తెలిసినవాళ్లు దొరుకుతున్నారు, ఇన్‌వాయిస్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు దొరకడం లేదు. జీతం 36 అనుకున్నది 46 వచ్చింది. పని మారినా రంగం మారకపోవడం వల్లే అది సాధ్యమైంది. రెండూ ఒకేసారి మార్చేవాళ్లకు పన్నెండేళ్ల అనుభవానికి విలువ కట్టేవాళ్లు ఉండరు. వాళ్లు నా 36 కంటే కింది అంకెతో లెక్క వేసుకోవడం మంచిది.

ఆఫర్ చేతిలో పెట్టుకునే బయటికి వచ్చినా, మార్పు నిధిలోంచి 74 ఖర్చయింది, దాదాపు రెండు నెలల లోటు. కొత్త చోట చేరే తేదీకి ముందు మూడు వారాలు ఖాళీ వచ్చింది. మొదటి జీతం నెల పూర్తయ్యాకే పడింది. పాత చోట రావాల్సిన సెటిల్‌మెంటు ఇంకా ఆలస్యమైంది. ఉద్యోగం నుంచి ఉద్యోగానికి నేరుగా దూకినా, బ్యాంకు ఖాతాకు మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది. ఆఫర్ ఉంది కదా అని మార్పు నిధిని ముందే వేరే దానికి వాడేసుకుంటే వాయిదా తేదీన ఇరుక్కుంటాం.

చేరాక మా ఆదాయం 86, ఖర్చు 74. ఇక 80కి తిరిగి వెళ్లొచ్చు కదా అనిపించింది, కానీ మొదటి ఏడాది వెళ్లలేదు. కొత్త పనిలో మొదటి ఆరు నెలలు నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, తీసేస్తే మళ్లీ అదే 37 లోటు. ఖాయమైనట్టు కాగితం వచ్చిన నెలలో పాపకు ఈత క్లాసులు మళ్లీ మొదలుపెట్టాం. మేం ఆపేసిన వాటిలో తను ఎక్కువ బాధపడింది వాటికే, అందుకే అన్నిటికన్నా ముందు వెనక్కి తెచ్చింది అవే.